క్యాష్ ప్రైస్ ఇవ్వకపోతే చివరి వాయిదా నుంచి వెనక్కి రండి

హైర్ పర్చేజ్ లెక్కల్లో వాయిదాలూ వడ్డీ రేటూ ఇచ్చి క్యాష్ ప్రైస్ ఇవ్వకపోతే చాలామంది అక్కడే ఆగిపోతారు, లేదా కట్టిన మొత్తమంతా అసెట్ ఖాతాలో వేసేస్తారు, దాంతో డిప్రిసియేషన్ కూడా తప్పుతుంది.

మిషన్‌కి డౌన్ పేమెంట్ 10,000, తర్వాత ఏడాదికొకటి చొప్పున 13,000, 12,000, 11,000, వడ్డీ 10% అనుకోండి. చివరి వాయిదాతో మొదలుపెట్టండి. 11,000 లో 10/110 వంతు అంటే 1,000 వడ్డీ, మిగతా 10,000 అసలు. ఆ 10,000 కి రెండో వాయిదా 12,000 కలిపితే 22,000, అందులో వడ్డీ 2,000, మిగిలేది 20,000. దీనికి మొదటిది 13,000 కలిపితే 33,000, వడ్డీ 3,000, మిగిలేది 30,000. డౌన్ పేమెంట్ కలిపితే క్యాష్ ప్రైస్ 40,000. కొన్న రోజే అసెట్‌కి డెబిట్ చేయాల్సింది ఇదే, 46,000 కాదు. మిగతా 6,000 ఏ ఏడాది వడ్డీ ఆ ఏడాది ఖర్చులోకి పోతుంది. వెనక్కి వెళ్లేటప్పుడు వడ్డీ తీసేశాక మిగిలిన అసలే కలపాలి, పొరపాటున 11,000 కలిపితే లెక్కంతా పాడైపోతుంది, నేను చూసిన పేపర్లలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే.

ఇదే 10% వార్షిక వడ్డీకి వాయిదా ఆర్నెల్లకోసారి అయితే 5/105 వాడాలండి. ఫ్లాట్ రేటు అని ఇస్తే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు, ఎందుకంటే అక్కడ వడ్డీ తగ్గే బాకీ మీద కాదు, మొదటి అసలు మొత్తం మీదే వేస్తారు.