స్టోర్ కీపర్ జేడీలో ఏ వాక్యం లేకపోతే మందుల స్టోరులో ఏది తప్పుతుంది

ఆసుపత్రి ఫార్మసీ స్టోరులో లెక్క తేడా వచ్చినా, మందులు ఎక్స్‌పైరీ అయిపోయినా ముందు స్టోర్ కీపర్‌నే నిలదీస్తారు. ఆయన జాబ్ డిస్క్రిప్షన్, అంటే జేడీ, తీసి చూస్తే చాలాచోట్ల రెండే వాక్యాలు కనిపిస్తాయి: "మందుల స్టాకు సక్రమంగా నిర్వహించవలెను. పై అధికారులు అప్పగించిన ఇతర పనులు చేయవలెను." ఏ పని ఎప్పుడు చేయాలి, ఎంతవరకు తన చేతిలో ఉంది, ఎక్కడ ఆగి ఎవరిని అడగాలి అన్నది ఇందులో లేదు. అందుకే మనిషిని మార్చినా సమస్య మళ్లీ వస్తుంది. విశాఖలో ఒక 100 పడకల ప్రైవేటు ఆసుపత్రి, అందులో ఒక మందుల స్టోరు, ఒక ఫార్మసీ కౌంటరు ఉన్నాయనుకుని ఒక్కో సమస్యా చూద్దాం.

సమస్య: కంప్యూటర్లో 60, అరలో 42

సెఫ్ట్రియాక్సోన్ 1 గ్రాము ఇంజెక్షన్లు 18 తక్కువొచ్చాయి. దొంగతనం అనుకునే ముందు బిన్ కార్డు, అంటే ఆ మందు ఎప్పుడు ఎంత వచ్చిందీ పోయిందీ రాసే కార్డు, తీసి, అరలోని సరుకూ కార్డులోని అంకే చివరిసారి ఏ తేదీన సరిపోయాయో చూడండి. అది ఆరు రోజుల కిందట అయితే, ఆ ఆరు రాత్రులూ స్టోరు తాళం ఎవరి దగ్గర ఉందో అడగండి. సాధారణంగా బయటపడేది ఇదే: స్టోర్ కీపర్ సాయంత్రం 6 గంటలకు వెళ్లిపోతారు, తాళం సెక్యూరిటీ దగ్గర ఉంటుంది, రాత్రి ఐసీయూ నుంచి వచ్చినవాళ్లు చీటీ మీద రాసి పట్టుకెళ్తారు. సొరుగులో చీటీలన్నీ వెతికితే 14 వయల్స్‌కి లెక్క దొరికింది, నాలుగింటికి చీటీయే లేదు. అంటే పోయినవి 18 కాదు. పద్నాలుగు ఎంట్రీ పడనివి, నాలుగు జవాబు లేనివి. రెండింటికీ మూలం ఒకటే, జేడీలో ఉదయం 9 నుంచి 6 దాకానే ఉంది, రాత్రి గురించి ఒక్క మాట లేదు.

జేడీలో ఇలా రాయండి: "రాత్రి అవసరాలకు 30 రకాల మందులతో ఒక అత్యవసర అలమారా ఉంటుంది. సాయంత్రం దానికి నంబరున్న సీలు వేసి, ఆ నంబరు రిజిస్టరులో రాయాలి. రాత్రి దాన్ని డ్యూటీ ఫార్మసిస్టు మాత్రమే తెరవాలి. మర్నాడు ఉదయం 10 గంటల లోపు స్టోర్ కీపర్ వాడినవన్నీ ఎంట్రీ చేసి, లోటు నింపి, మళ్లీ సీలు వేయాలి. ప్రధాన స్టోరు తాళం సెక్యూరిటీకి ఇవ్వకూడదు." ఆ 30 రకాలేవో అనుబంధంలో పెట్టండి, జాబితా మారినప్పుడల్లా జేడీ తిరగరాయనక్కర్లేదు. మార్ఫిన్, ఫెంటానిల్ లాంటివి ఈ అలమారాలో వద్దు. వాటి తాళం, రిజిస్టరు ఎవరి బాధ్యతో పేరు పెట్టి వేరే వాక్యం రాయండి.

లెక్కింపు కూడా ఇక్కడే తేల్చాలి. "నెలకోసారి స్టాకు తనిఖీ" అని రాస్తే నెలాఖరున ఒక్క సాయంత్రంలో కానిచ్చేస్తారు. రోజుకు 10 రకాలు అని రాస్తే 600 రకాలున్న స్టోరు 60 పనిదినాల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. ఆ పది ఏవో స్టోర్ కీపర్ ఎంచుకోకూడదు, లెక్కపెట్టేదీ ఆయనే కాకూడదు. సరుకు దించుకున్న మనిషే లెక్క కూడా చూస్తే దించుకునేటప్పుడు జరిగిన పొరపాటు ఎప్పటికీ బయటపడదు.

సమస్య: ఒక అరలో ఎక్స్‌పైరీ సరుకు, పక్క అర ఖాళీ

ఈ రెండూ ఒకేసారి కనిపిస్తే కారణం దాదాపుగా ఆర్డరు వాక్యంలో ఉంటుంది. "అవసరమైన మందులు తెప్పించవలెను" అంటే అవసరం ఎంతన్నది స్టోర్ కీపర్ అంచనా. డిస్ట్రిబ్యూటర్ 10కి 1 ఉచితం అన్నప్పుడు ఎక్కువ తీసుకుంటారు, ఆ పెట్టెల మీద ఎక్స్‌పైరీ నాలుగు నెలలే మిగిలి ఉంటుంది. దాన్ని వెనక్కి పంపే అధికారం ఆయనకు ఉన్నట్టు ఎక్కడా రాసి ఉండదు.

అంచనా బదులు లెక్క పెట్టండి. సెఫ్ట్రియాక్సోన్ రోజుకు సగటున 40 వాడతారు, ఆర్డరు పెట్టాక సరుకు రావడానికి 3 రోజులు, జాగ్రత్తకు ఇంకో 4 రోజులు. మొత్తం 7 రోజులకు 280. స్టాకు 280కి దిగిన రోజే ఇండెంట్ పెట్టాలి. జేడీలో ఈ అంకె కాదు, ఈ లెక్క చేసే పద్ధతి, దాన్ని మూడు నెలలకోసారి తిరిగి వేయాలన్న మాట ఉండాలి. ఆ పక్కనే ఇంకో వాక్యం: "ఎక్స్‌పైరీ 6 నెలల లోపు ఉన్న సరుకును చీఫ్ ఫార్మసిస్టు సంతకం లేకుండా దించుకోకూడదు, నిరాకరించే అధికారం స్టోర్ కీపర్‌కు ఉంది." ప్రతి నెలా 1వ తేదీన 90 రోజుల్లో గడువు ముగిసే వాటి జాబితా ఇవ్వాలని కూడా చేర్చండి. వాపసు షరతులు ఒక్కో డిస్ట్రిబ్యూటర్‌కి ఒక్కోలా ఉంటాయి కాబట్టి అవి కూడా అనుబంధంలోకే.

సమస్య: ఫ్రిజ్ రిజిస్టరులో రోజూ 4 డిగ్రీలే

నెల మొత్తం ఉదయం 4, సాయంత్రం 4, ఆదివారాలు కూడా అదే పెన్నుతో అదే చేతిరాత. ఆదివారం ఆయనకు సెలవు. అంటే అవి చూసి రాసినవి కావు. జేడీ "రోజుకు రెండుసార్లు నమోదు" అని అడిగింది గానీ, సెలవు రోజు ఎవరు చూడాలో, అంకె తప్పితే ఏం చేయాలో చెప్పలేదు. తప్పు అంకె రాస్తే తన మీదకొస్తుందని తెలిసిన మనిషి 4 రాసేస్తారు.

కనిష్ఠం, గరిష్ఠం రెండూ గుర్తుంచుకునే థర్మామీటరు పెట్టి, ఆ రెండు అంకెలూ రాసి రీసెట్ చేయమనండి. 2 నుంచి 8 డిగ్రీల హద్దు దాటితే మందుల్ని పారేయకూడదు, వార్డుకు ఇవ్వకూడదు. పనిచేస్తున్న ఇంకో ఫ్రిజ్‌లోకి మార్చి, "ఇవ్వవద్దు" అని చీటీ అంటించి, వెంటనే చీఫ్ ఫార్మసిస్టుకు చెప్పాలి. నిర్ణయం ఆయనది. ఇన్సులిన్ గడ్డకట్టి ఉంటే మాత్రం ఆలోచించేది లేదు, అది వాడకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను హెచ్చరిక రాగానే ఫ్రిజ్ జనరేటరు లైన్ మీద ఉందో లేదో చూసే పని ఎవరిదో ఇక్కడి జేడీలో తప్పక ఉండాలి.

సమస్య: కౌంటరులో మనిషి లేకపోతే స్టోర్ కీపరే రోగులకు మందులిస్తున్నారు

ఫార్మసీ చట్టం 1948, సెక్షన్ 42 ప్రకారం డాక్టరు చీటీ మీద మందులివ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. "ఇతర పనులు" అన్న మాట దీన్ని కప్పేయలేదు. స్టోరు నుంచి ఇండెంట్ మీద వార్డుకు, కౌంటరుకు మాత్రమే ఇస్తారని జేడీలో సూటిగా రాయండి. కౌంటరులోనూ కూర్చోబెట్టే ఉద్దేశం ఉంటే అర్హతల్లో ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయండి.

సమస్య: అర్హతలన్నీ ఉన్నవాళ్లు మూడు నెలలకే మానేస్తున్నారు, లేదా పని రావడం లేదు

బీఫార్మసీ తప్పనిసరి అని రాసి, చేయించేది అట్టపెట్టెలు దించడం, బిల్లులు ఎక్కించడం అయితే వాళ్లు నిలవరు. ఏ మందుల పేర్లూ తెలియని హార్డ్‌వేర్ గోడౌన్ అనుభవం తీసుకుంటే, పేర్లు ఒకేలా వినిపించే డోపమిన్, డోబుటమిన్ పక్కపక్కన సర్దేస్తారు. తప్పనిసరి వేరు, ఉంటే మంచిది వేరు. ఒక్కో అర్హత పక్కన దాన్ని ఎలా పరీక్షిస్తారో కూడా రాయండి, పరీక్షించలేనిది కొట్టేయండి. బరువు సంగతి దాచవద్దు: అరలీటరు సెలైన్ 24 సీసాల పెట్టె 12 కిలోలు దాటుతుంది. ట్రాలీ, హెల్పరు ఉంటే అది కూడా చెప్పండి, లేకపోతే బరువు వాక్యం చూసి తగిన ఆడవాళ్లు అప్లై చేయకుండా ఆగిపోతారు.

ఇంటర్వ్యూలో ఒక బల్ల మీద 12 వరుసల బిల్లు, ఆ సరుకు పెట్టండి. ఒకదాని బ్యాచ్ నంబరు తేడా, ఒకదాని ఎక్స్‌పైరీ నాలుగు నెలలు, ఒకచోట డోపమిన్ బదులు డోబుటమిన్. 20 నిమిషాలు ఇవ్వండి. మూడూ పట్టుకోవడం ఒక ఎత్తు. పట్టుకున్నాక బిల్లు మీద సంతకం పెట్టేస్తారా, ఆపి మిమ్మల్ని అడుగుతారా అన్నదానికే ఎక్కువ మార్కులు వేయండి.