గాల్‌బ్లాడర్ ఆపరేషన్ వీడియోను శిక్షణ కోసం ఎలా పరిశీలించాలి? సాఫ్ట్‌వేర్ చెప్పినదాన్ని డాక్టర్ ఎలా సరిచూడాలి?

దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట వైపు నుంచి మా వార్డుకు వచ్చే పేషెంట్లలో చాలామంది మొదట చెప్పే మాట "గ్యాస్ నొప్పి సారూ" అని. నెలల తరబడి మందుల షాపులో గ్యాస్ మాత్రలు కొనుక్కుని మింగి, ఇక తట్టుకోలేక వస్తారు. స్కానింగ్ తీస్తే గాల్‌బ్లాడర్ నిండా రాళ్లుంటాయి. అప్పటికే అది పలుమార్లు వాచి, గోడ మందమై, చుట్టుపక్కల కణజాలానికి అతుక్కుపోయి ఉంటుంది. కీహోల్ ఆపరేషన్ నేర్చుకుంటున్న పీజీకి ఇలాంటి కేసు కష్టం. ఆ ఆపరేషన్ వీడియో చూసి తప్పొప్పులు చెప్పే సాఫ్ట్‌వేర్‌కూ అది అంతే కష్టం. అలాంటి వీడియోను శిక్షణ కోసం మేం పరిశీలించే పద్ధతిని ఇక్కడ వివరిస్తాను.

ముందుగా దేనికోసం చూస్తున్నామో తెలియాలి. గాల్‌బ్లాడర్‌ను తీసేయడానికి దాని నుంచి బయటికి వచ్చే సన్నని గొట్టాన్ని (సిస్టిక్ డక్ట్), దానికి రక్తం అందించే ధమనిని క్లిప్పులు వేసి కోయాలి. ఆ పక్కనే కాలేయం నుంచి పేగుకు పైత్యరసం తీసుకెళ్లే ప్రధాన పిత్తనాళం ఉంటుంది. వాపు వల్ల అన్నీ ఒకదానికొకటి దగ్గరగా లాక్కుపోయినప్పుడు పెద్ద నాళమే సన్న గొట్టంలా కనిపించి మోసం చేస్తుంది. దాన్ని పొరపాటున కోస్తే పేషెంటుకు ఏళ్ల తరబడి బాధ. అందుకే 1995లో స్ట్రాస్‌బర్గ్ అనే సర్జన్, ఆయన సహచరులు ఒక నియమం చెప్పారు. ఏదైనా కోసే ముందు మూడు విషయాలు కళ్లకు కనబడాలి. కాలేయానికీ గాల్‌బ్లాడర్ మెడకూ మధ్యనున్న త్రికోణంలో కొవ్వు, పొరలు శుభ్రంగా తొలగి ఉండాలి. గాల్‌బ్లాడర్ కింది మూడో వంతు కాలేయం నుంచి విడివడి ఉండాలి. గాల్‌బ్లాడర్‌లోకి రెండే రెండు నిర్మాణాలు వెళ్తూ కనిపించాలి. ఈ మూడూ కలిస్తేనే దాన్ని సురక్షిత దృశ్యం అంటాం. శిక్షణ వీడియోలో మేం ప్రధానంగా వెతికేది దీన్నే.

వీడియోను సిద్ధం చేయడం

వీడియో తీయడానికీ, పాఠానికి వాడుకోవడానికీ పేషెంటు నుంచి తెలుగులో రాసిన సమ్మతి తీసుకోండి. ఆపరేషన్‌కు ఇచ్చే సమ్మతిలోనే ఇదీ ఉందని అనుకోకూడదు. తర్వాత ఫైలును చూడండి. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు కాబట్టి రికార్డర్ వీడియోను ముక్కలు చేస్తుంది. రెండో ముక్కలో గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ 02:14 దగ్గర అని చెబితే అది ఏ ముక్కలోని 02:14 అన్నది ముందే తేల్చుకోండి. ఈ ఒక్క గందరగోళంతో మేం ఒకసారి మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాం.

పేషెంటు పేరు, ఐపీ నంబరు తెర మూలలో కనిపిస్తుంటే ఆ భాగాన్ని నల్లగా కప్పాలి. లెన్స్ తుడవడానికి కెమెరాను బయటికి తీసినప్పుడు థియేటర్‌లోని ముఖాలు, కొన్నిసార్లు పేషెంటు ముఖం కూడా పడతాయి. ఆ భాగాలు తీసేయాలి. ధ్వనిలో ఎవరో పేషెంటు పేరు పిలిచి ఉండవచ్చు. చిన్న ముక్క కోసి, ధ్వనినీ ఫైలులో దాగిన వివరాలనూ తీసేయడానికి ఈ కమాండ్ సరిపోతుంది:

```
ffmpeg -ss 00:18:10 -i op.mp4 -t 90 -an -map_metadata -1 clip.mp4
```

ఇది 18:10 నుంచి 90 సెకన్ల ముక్క ఇస్తుంది. తెర మీద అచ్చయిన పేరును మాత్రం ఇది తీయదు.

మొదట సాఫ్ట్‌వేర్ లేకుండా చూడండి

ఈ దశను దాటేయాలని అందరికీ అనిపిస్తుంది. దయచేసి దాటేయకండి. "సురక్షిత దృశ్యం సాధించారు" అని తెర మీద చదివాక ఎంత అనుభవమున్న కన్నైనా దాన్నే వెతుక్కుంటుంది, దొరికిందనుకుంటుంది. అందుకని ఇద్దరు డాక్టర్లు వేర్వేరుగా, ఒకరి కాగితం ఇంకొకరు చూడకుండా, వీడియో మొత్తం చూడాలి. మూడు ప్రమాణాలకూ ఒక్కోదానికి 0, 1 లేదా 2 మార్కులు వేయాలి. అసలు లేకపోతే 0, కొంత ఉంటే 1, స్పష్టంగా ఉంటే 2. మొదటి క్లిప్ వేసిన సమయం రాసుకోండి. దృశ్యం ఎంత బాగున్నా క్లిప్ వేశాక కనిపిస్తే లెక్కలోకి రాదు.

తర్వాతే సాఫ్ట్‌వేర్ ఫలితం తెరవండి. ఇలాంటి సాఫ్ట్‌వేర్ సాధారణంగా సెకనుకు ఒకటి చొప్పున చిత్రాలు తీసుకుని, ఏ దశ నడుస్తోంది, ఏ పరికరాలు ఉన్నాయి, దృశ్యం కుదిరిందా లేదా అని అంచనా వేస్తుంది. పక్కన 0.91 వంటి అంకె ఇస్తుంది. అది నూటికి 91 సార్లు నిజమవుతుందన్న హామీ అనుకోకండి. తాను నేర్చుకున్న వీడియోలను బట్టి తన మొగ్గు ఎంతో అది చెబుతోంది, అంతే. ఈ రంగంలో బాగా వాడే చోలెక్80 అనే సంకలనంలో 80 వీడియోలున్నాయి. అవన్నీ ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో 13 మంది సర్జన్లు చేసినవి. అలాంటి చోట నేర్చుకున్న సాఫ్ట్‌వేర్‌కు, ఏడాదిపాటు గ్యాస్ నొప్పి అనుకుని ఆలస్యంగా వచ్చిన మన పేషెంటు గాల్‌బ్లాడర్ కొత్త ముఖమే.

ఒక వీడియో: ఏం చెప్పింది, ఏం తేలింది

మా పీజీ ఒకమ్మాయి చేసిన కేసు ఇది. వీడియో నిడివి 52 నిమిషాలు. సాఫ్ట్‌వేర్ మూడు విషయాలు చెప్పింది. 18:40 దగ్గర సురక్షిత దృశ్యం, అంకె 0.91. 12:10 నుంచి నాలుగు నిమిషాలు ఏ పనీ లేదు. 27:12 దగ్గర రక్తస్రావం.

మొదటిదాన్ని సరిచూడటానికి 18:40 దగ్గరి నిశ్చల చిత్రం చూసి ఊరుకోలేదు. 18:10 నుంచి 21:05 దాకా, అంటే మొదటి క్లిప్ పడేదాకా, ఆడించి చూశాం. వీఎల్‌సీలో `E` నొక్కితే ఒక్కో ఫ్రేమ్ కదులుతుంది. 18:40 ఫ్రేములో ముందు వైపు నుంచి రెండు గొట్టాలు చక్కగా కనిపిస్తున్నాయి. సాఫ్ట్‌వేర్‌ను ఒప్పించింది అదే. అయితే ముందు నుంచి రెండు కనిపించినంత మాత్రాన వెనక మూడోది లేదని కాదు. గాల్‌బ్లాడర్ మెడను పట్టుకుని పేషెంటు ఎడమ వైపు తిప్పితే వెనక భాగం కనిపిస్తుంది. ఆ మూడు నిమిషాల్లో ఒక్కసారీ అలా తిప్పలేదు. త్రికోణం పై భాగంలో కొవ్వు అలాగే ఉంది. కింది మూడో వంతు కాలేయానికి అతుక్కునే ఉంది. ఇద్దరు డాక్టర్లూ వేర్వేరుగా వేసిన మార్కులు ఒకటే: త్రికోణానికి 1, కాలేయం నుంచి విడివడటానికి 0, రెండు నిర్మాణాలకు 1. ఆరుకు రెండు. పేషెంటు క్షేమంగా ఇంటికి వెళ్లింది. అయినా సురక్షిత దృశ్యం కుదరకముందే క్లిప్ పడింది.

రెండోదాన్ని వీడియోతో తేల్చలేం. తెర మీద పరికరాలు కదలడం లేదు, అంతవరకు సాఫ్ట్‌వేర్ సరే. ఎందుకు కదలడం లేదో థియేటర్‌లో ఉన్నవాళ్లను అడగాలి. అడిగితే స్టాఫ్ నర్సు చెప్పింది: కరెంటు పోయి జనరేటర్ మీదికి మారాక గ్యాస్ నింపే యంత్రం మళ్లీ ఒత్తిడి అందుకునేదాకా ఆగారట. ఇది తెలియకపోతే ఆ నాలుగు నిమిషాలూ "చేయి నెమ్మది" అని ఆ అమ్మాయి ఖాతాలో పడేవి. ఒక ఆడపిల్ల చదువు మీద పడే మచ్చ అది, నాకు ఇప్పటికీ గుర్తొస్తే బాధనిపిస్తుంది. మూడోది రక్తస్రావం కాదు, కడగడానికి పోసిన నీటిలో కలిసిన పాత రక్తం. అరనిమిషం ముందు నుంచి చూస్తే కొత్తగా ఎక్కడి నుంచీ కారడం లేదని తెలిసిపోయింది.

సాఫ్ట్‌వేర్ మౌనంగా ఉన్న చోట కూడా చూడండి

ఎర్ర గుర్తు పెట్టిన చోట్లనే తిరిగి చూస్తే అది వదిలేసినవి ఎప్పటికీ దొరకవు. మొదట మీరు మొత్తం చూసి రాసుకున్న కాగితం ఇక్కడ పనికొస్తుంది. దానికి తోడు, ఏ గుర్తూ లేని చోట్ల నుంచి చీటీ తీసినట్టు ఐదు నిమిషాలు ఎంచుకుని మళ్లీ చూడండి. ఈ వీడియోలో 31:20 దగ్గర, కాలేయం నుంచి విడదీస్తుండగా, గాల్‌బ్లాడర్‌కు చిన్న చిల్లు పడి పైత్యరసంతో పాటు ఒక రాయి జారింది. సాఫ్ట్‌వేర్ ఏమీ అనలేదు. దానికి ఆ ఘటనను గుర్తించడం నేర్పనే లేదు. రాయిని తీశారా, ఆపరేషన్ నోట్స్‌లో రాశారా అన్నది డాక్టరే చూసుకోవాలి, ఎందుకంటే పొట్టలో మిగిలిన రాయి నెలల తర్వాత చీము గడ్డ అయ్యే అవకాశముంది. ఈ కేసులో 31:50 దగ్గర రాయిని తీయడం కనిపించింది. నోట్స్‌లో మాత్రం లేదు. చేర్పించాం.

రాసి పెట్టే పద్ధతి

ఒక్కో అంశానికి ఒక వరుస. సాఫ్ట్‌వేర్ ఏమంది, మొదటి డాక్టర్ ఏమన్నారు, రెండో డాక్టర్ ఏమన్నారు, తేడాకు కారణం, సంతకం. సాఫ్ట్‌వేర్ మాటను చెరిపి దాని మీద సరైనది రాయకండి. రెండూ పక్కపక్కనే ఉంటేనే అది ఎక్కడ తడబడుతోందో కొన్ని నెలల్లో తెలుస్తుంది. ఇద్దరు డాక్టర్లకూ పొసగకపోతే మూడో సీనియర్‌కు చూపించండి. అప్పటికీ తేలకపోతే "తేలలేదు" అని రాయండి. సంతకం పడని వరుస ఏదీ పీజీ మార్కుల్లోకి వెళ్లకూడదు.

"మా సాఫ్ట్‌వేర్ 80 శాతం కరెక్టు" అని ఎవరైనా చెబితే ఒక చిన్న లెక్క వేయండి. 20 వీడియోల్లో 16 చోట్ల సురక్షిత దృశ్యం కుదరలేదనుకుందాం. అసలు వీడియోనే చూడకుండా ప్రతిదానికీ "కుదరలేదు" అన్నా 20లో 16 సరిపోతాయి, అదీ 80 శాతమే. అందుకే రెండు లెక్కలు విడివిడిగా అడగాలి: నిజంగా కుదిరినవాటిలో ఎన్ని పట్టుకుంది, కుదరనివాటిలో ఎన్నింటిని కుదిరాయని చెప్పింది. మన పనిలో ప్రమాదం రెండోదానిలోనే ఉంది.

ఆ పీజీతో కూర్చున్నప్పుడు సాఫ్ట్‌వేర్ అంకెతో మొదలుపెట్టలేదు. 18:10 నుంచి ముక్క వేసి, "అమ్మా, క్లిప్ ఎక్కడ వేస్తావో నువ్వే ఆపి చెప్పు" అన్నాను. 19:05 దగ్గర ఆపింది. "ఇక్కడ వెనక్కి తిప్పి చూడాలి సార్, నేను చూడలేదు" అంది. ఆమె వరుసలో కారణం అన్న గడిలో ఆ మాటే రాసి సంతకం పెట్టాం.