హిమోగ్లోబిన్ పడిపోయి, ఎల్‌డీహెచ్ పెరిగినప్పుడు: కణాలు పగులుతున్నది ఎక్కడ?

సమస్య

రోగి హిమోగ్లోబిన్ కొద్ది రోజుల్లోనే బాగా తగ్గింది. కళ్లు కాస్త పచ్చగా ఉన్నాయి. బిలిరుబిన్ పెరిగింది, అందులో ఎక్కువ భాగం ఇన్‌డైరెక్ట్. ఎల్‌డీహెచ్ చాలా ఎక్కువగా ఉంది, హాప్టోగ్లోబిన్ దాదాపు లేనట్టే ఉంది. ఈ మూడింటినీ చూసి హిమోలిసిస్ అని నిర్ణయించి, కూంబ్స్ పరీక్ష ఫలితం రాకముందే స్టెరాయిడ్ మొదలుపెట్టి, తిరుపతికి పంపిన రోగులు తరచుగా వస్తుంటారు. వారిలో చాలామంది ఫైలులో రెటిక్యులోసైట్ లెక్క ఉండదు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ ఒక్క లోపం గురించే.

ముందుగా ఈ మూడు పరీక్షలు దేన్ని చెబుతాయో, దేన్ని చెప్పలేవో స్పష్టంగా ఉండాలి. ఎర్రకణం పగిలినప్పుడు దానిలోని ఎల్‌డీహెచ్ బయటికి వస్తుంది. విడుదలైన హిమోగ్లోబిన్‌ను హాప్టోగ్లోబిన్ పట్టుకుంటుంది, ఆ జంటను మాక్రోఫేజ్‌లు కొద్ది నిమిషాల్లోనే రక్తం నుంచి తొలగిస్తాయి కాబట్టి హాప్టోగ్లోబిన్ తరిగిపోతుంది. హీమ్ విచ్ఛిన్నమై ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్‌గా మారుతుంది. అంటే ఎర్రకణాలో, వాటి మాతృకణాలో పగిలాయని మాత్రమే ఈ మూడూ చెబుతాయి. అవి రక్తనాళంలో పగిలాయా, ప్లీహంలోనా, ఎముక మజ్జలోనా అన్నది ఈ అంకెల్లో ఉండదు.

మొదటి పరిశీలన: తగ్గుదల నిజమేనా, నమూనా సరైనదేనా

మజ్జ పూర్తిగా పని మానేసినా హిమోగ్లోబిన్ వారానికి సుమారు ఒక గ్రాముకు మించి తగ్గదు, ఎందుకంటే ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు, రోజుకు ఒక శాతం లోపు కణాలే కాలం తీరి పోతాయి. అంతకంటే వేగంగా తగ్గిందంటే రక్తస్రావమైనా ఉండాలి, కణాలైనా నశిస్తూ ఉండాలి, లేదా పోల్చిన రెండు అంకెల్లో ఒకటి తప్పై ఉండాలి. మూడో అవకాశాన్ని ముందుగా తేల్చుకోవాలి. పాత అంకె ఏ యంత్రం మీద వచ్చింది, ఆరోగ్య శిబిరంలో వేలి చుక్కతో రంగు పోల్చి చెప్పిందా, కొత్త నమూనాను సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే తీశారా అని అడగాలి. మలం నల్లగా ఉందా అన్న ప్రశ్న కూడా ఇక్కడే అడగాలి.

తరువాత సీరాన్ని కంటితో చూడాలి. పుంగనూరులోనో పలమనేరులోనో పొద్దున తీసిన రక్తం, సీరం వేరు చేయకుండానే మధ్యాహ్నపు ఎండలో బస్సెక్కి వస్తే దారిలోనే కణాలు పగలవచ్చు. ట్యూబు నేరుగా ఐసుగడ్డను తాకుతూ వచ్చినా అంతే. ఎర్రకణంలో ఎల్‌డీహెచ్ సీరంలో కంటే వంద రెట్లకు పైగా ఉంటుంది కనుక కొద్దిపాటి కణాలు పగిలినా అంకె పెరుగుతుంది, పొటాషియం కూడా దానితోపాటే పెరుగుతుంది. అయితే హీమ్‌ను బిలిరుబిన్‌గా మార్చే ఎంజైములు ట్యూబులో పనిచేయవు కాబట్టి ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ పెరగదు. సీరం గులాబీ రంగులో ఉండి, ఎల్‌డీహెచ్, పొటాషియం రెండూ పెరిగి, బిలిరుబిన్ మామూలుగా ఉంటే, రక్తం మళ్లీ తీసి వెంటనే సీరం వేరు చేసి పరీక్షించాలి.

అసలు దాగి ఉండే కారణం: మజ్జలోనే పగిలే కణాలు

మూడు పరీక్షలూ హిమోలిసిస్‌లో ఉండాల్సినట్టే ఉండి, కూంబ్స్ నెగటివ్‌గా వచ్చి, వైద్యుణ్ని తప్పుదారి పట్టించే కారణం విటమిన్ బి12 లోపం. బి12 లేనిదే డీఎన్‌ఏ తయారీ సాగదు. మజ్జలో ఎర్రకణాల మాతృకణాలు పెద్దవిగా పెరుగుతాయే తప్ప సరిగ్గా విభజన చెందలేవు, రక్తంలోకి రాకముందే అక్కడే పెద్ద సంఖ్యలో నశిస్తాయి. వాటిలోని ఎల్‌డీహెచ్, హిమోగ్లోబిన్ బయటపడతాయి, బిలిరుబిన్ పెరుగుతుంది, హాప్టోగ్లోబిన్ తరుగుతుంది. అందుకే ఎల్‌డీహెచ్ వేలల్లో ఉన్నప్పుడు చాలామంది తీవ్రమైన హిమోలిసిస్ అనుకునే చోట, నేను ముందుగా బి12 లోపాన్ని అనుమానిస్తాను.

ఒక కేసును వరుసగా చూద్దాం. చిత్తూరు దగ్గరి పల్లె నుంచి 46 ఏళ్ల స్త్రీ వచ్చారు. మూడు వారాల క్రితం శిబిరంలో హిమోగ్లోబిన్ 10.4 అన్నారు, ఇప్పుడు 5.8. మొత్తం బిలిరుబిన్ 2.9, అందులో డైరెక్ట్ 0.6. ఎల్‌డీహెచ్ 3,900, హాప్టోగ్లోబిన్ 10 లోపు. కూంబ్స్ నెగటివ్. ప్లేట్‌లెట్లు 78 వేలు, తెల్లకణాలు 3,100. స్మియర్ చూసిన చోట పగిలిన కణాలు కనిపిస్తున్నాయని రాశారు. ప్లేట్‌లెట్లు తగ్గి, పగిలిన కణాలు ఉన్నాయంటే ప్లాస్మా మార్పిడి అవసరమయ్యే టీటీపీని అనుమానించడం సహజమే, కానీ రెటిక్యులోసైట్ లెక్క అప్పటికి ఇంకా చేయలేదు.

ఆ లెక్క చేయిస్తే 2 శాతం వచ్చింది. ఈ అంకె పరిధిలోనే ఉందని రిపోర్టు చెబుతుంది, మోసం జరిగేది అక్కడే. ఆమె హిమటోక్రిట్ 17. రెండును పదిహేడుతో గుణించి, మామూలు హిమటోక్రిట్ అయిన 45తో భాగిస్తే సుమారు 0.75 వస్తుంది. ఇంత తీవ్రమైన రక్తహీనతలో రెటిక్యులోసైట్లు మజ్జ నుంచి తొందరగా బయటికొచ్చి రక్తంలో ఎక్కువ రోజులు ఉంటాయి కనుక మళ్లీ 2.5తో భాగించాలి. మిగిలేది 0.3. రక్తంలో కణాలు నశిస్తూ మజ్జ ఆరోగ్యంగా ఉంటే ఈ సూచిక 3 దాటాలి, 2 లోపు ఉంటే మజ్జ స్పందించడం లేదని అర్థం. ఇక్కడ కణాలు పగులుతున్నాయి, మజ్జ మాత్రం కొత్తవి పంపడం లేదు. ఈ రెండూ కలిసి ఉన్నాయంటే పగులుతున్న చోటు మజ్జే కావచ్చు.

ఆపై స్మియర్‌ను మరోసారి నిదానంగా చూస్తే, అండాకారపు పెద్ద ఎర్రకణాలు, ఆరేసి తమ్మెలున్న న్యూట్రోఫిల్స్ కనిపించాయి. ఎంసీవీ 112. తీవ్రమైన బి12 లోపంలో ఎర్రకణాల ముక్కలు కూడా కనిపిస్తాయి, టీటీపీ అని పొరబడేది వాటిని చూసే. టీటీపీలో రెటిక్యులోసైట్లు పెరుగుతాయి, తెల్లకణాలు సాధారణంగా తగ్గవు. ఈమెలో రెండూ అందుకు విరుద్ధంగా ఉన్నాయి.

ఇక హిమోగ్లోబిన్ కొద్ది రోజుల్లోనే పడిపోయిందన్న మాట. "ఆయాసం ఎప్పటినుంచి అమ్మా?" అని అడిగితే, "సంక్రాంతి ముందు నుంచే సార్, జొరం వచ్చినాక లేవలేకపోతా ఉండాను" అన్నారు. సంచిలో నాలుగు నెలల నాటి రిపోర్టు ఒకటి దొరికింది. అందులో హిమోగ్లోబిన్ 7.9, ఎంసీవీ 109. శిబిరంలో చెప్పిన 10.4 తప్పు. అసలు తగ్గుదల నాలుగు నెలల్లో రెండు గ్రాములు మాత్రమే, మెల్లగా జరిగింది. బి12 లోపంలో శరీరం ఆ తక్కువ స్థాయికి అలవాటుపడుతూ వస్తుంది, ఏదో జ్వరం తగిలినప్పుడే రోగి ఆసుపత్రికి వస్తారు, అందువల్ల ఆ రోజు జరిగినట్టుగా అనిపిస్తుంది. ఆమె మాంసం, గుడ్డు తినరు, సంగటి, చట్నీ, మజ్జిగతో గడుపుతారు, చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతున్నారు. బి12 చాలా తక్కువగా తేలింది.

ఈ రోగనిర్ధారణ తప్పిపోయే దారులు రెండు ఉన్నాయి. మొదటిది, ఇనుము లోపం గానీ తలసీమియా ట్రెయిట్ గానీ కలిసి ఉంటే ఎంసీవీ 85 దగ్గర మామూలుగా కనిపిస్తుంది. నెలసరి ఎక్కువగా అయ్యే స్త్రీలలో ఇది అరుదేమీ కాదు. అప్పుడు ఎంసీవీని నమ్మకుండా ఆర్‌డీడబ్ల్యూ పెరిగిందా, న్యూట్రోఫిల్ తమ్మెలు ఎక్కువగా ఉన్నాయా అని చూడాలి. రెండోది, నీరసమని ఊళ్లోనే బి12 ఉన్న ఇంజెక్షన్ ఒకటి వేయించుకుని వస్తే రక్తంలో బి12 ఎక్కువగానే కనిపిస్తుంది, కణజాలాల కొరత తీరకపోయినా సరే. తమ్మెలు పెరిగిన న్యూట్రోఫిల్స్ చికిత్స మొదలైన తరువాత కూడా కొన్ని రోజులపాటు కనిపిస్తాయి కాబట్టి అప్పుడు స్మియరే ఎక్కువ నమ్మదగినది. ఇంజెక్షన్ వేశారా అని అడగకుండా బి12 రిపోర్టును చదవకూడదు.

పరిష్కారం

బి12 పరీక్షకు రక్తం తీసిన వెంటనే, ఫలితం కోసం ఆగకుండా 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ మొదలుపెట్టవచ్చు. వారంపాటు రోజూ ఒకటి, తరువాత నాలుగు వారాలు వారానికొకటి, ఆపై నెలకొకటి అన్నది ఎక్కువగా అనుసరించే పద్ధతి. ఫోలిక్ యాసిడ్ మాత్ర ఒక్కటే ఇచ్చి పంపకూడదు. రక్తం కొంత మెరుగైనా నరాల దెబ్బ ముదురుతుంది. రక్తం ఎక్కించాల్సి వస్తే ఒక్కో యూనిట్ చాలా మెల్లగా ఎక్కించాలి, ఎందుకంటే నెలల తరబడి రక్తహీనతతో ఉన్న గుండె హఠాత్తుగా పెరిగిన రక్త పరిమాణాన్ని తట్టుకోలేదు. కొత్త కణాలు పొటాషియంను లాక్కుంటాయి కాబట్టి మొదటి వారం దాన్ని గమనించాలి.

రోగనిర్ధారణ సరైనదేనా అని చికిత్సే చెబుతుంది. ఈమెలో ఎల్‌డీహెచ్ నాలుగో రోజుకే 2,100కు దిగింది, ఏడో రోజు రెటిక్యులోసైట్లు 14 శాతానికి పెరిగాయి, రెండో వారం చివరికి హిమోగ్లోబిన్ 7.6 అయింది. మొదటి వారంలో హిమోగ్లోబిన్ కదలకపోతే కంగారు పడనక్కరలేదు, కానీ ఏడెనిమిది రోజులకు కూడా రెటిక్యులోసైట్లు పెరగకపోతే ఇనుము లోపం గానీ వేరే మజ్జ వ్యాధి గానీ కలిసి ఉందేమో వెతకాలి.

ఈ లెక్కకు ఒక హద్దు ఉంది. నిజమైన హిమోలిసిస్ మొదలైన తొలి మూడు నాలుగు రోజుల్లో మజ్జ ఇంకా స్పందించి ఉండదు, అప్పుడు కూడా రెటిక్యులోసైట్లు తక్కువగానే ఉంటాయి. స్మియర్‌లో పెద్ద కణాలు, ఎక్కువ తమ్మెల న్యూట్రోఫిల్స్ కనిపించకపోతే రెండు రోజులాగి మళ్లీ లెక్కించాలి.

మిగిలినవి

రెటిక్యులోసైట్లు బాగా పెరిగి, స్మియర్‌లో స్ఫెరోసైట్లు ఉండి, కూంబ్స్ పాజిటివ్ అయితే ఆటోఇమ్యూన్ హిమోలిసిస్, దాని దారి వేరు. పడిపోవడం వల్లనో ఆపరేషన్ వల్లనో లోపల గడ్డకట్టిన రక్తం కరుగుతుంటే బిలిరుబిన్, ఎల్‌డీహెచ్ పెరుగుతాయి గానీ హాప్టోగ్లోబిన్ తగ్గదు. హాప్టోగ్లోబిన్ కాలేయంలో తయారవుతుంది కనుక సిర్రోసిస్ ఉన్నవారిలో అది తక్కువగా ఉన్నా హిమోలిసిస్‌కు సాక్ష్యం కాదు. జ్వరంలో అది పెరుగుతుంది కనుక మామూలు పరిధిలో ఉన్నంత మాత్రాన హిమోలిసిస్ లేదనీ చెప్పలేము. రెండు వారాల లోపు రక్తం ఎక్కించుకున్నవారిలో ఆలస్యంగా వచ్చే ప్రతిచర్యను గుర్తుంచుకుని కూంబ్స్ మళ్లీ చేయించాలి. ప్రైమాక్విన్ లేదా డాప్సోన్ తరువాత మూత్రం నల్లబడితే జీ6పీడీ లోపం. పరీక్షను మాత్రం ఆ దాడి తగ్గిన రెండు మూడు నెలలకు చేయించాలి, లేదంటే దాడిలో పగలకుండా మిగిలిన కొత్త కణాలు ఫలితాన్ని మామూలుగా చూపిస్తాయి. పీఎన్‌హెచ్ వంటివి చాలా అరుదు, పైవన్నీ కాదని తేలిన తరువాతే వాటికోసం ఫ్లో సైటోమెట్రీ చేయించాలి. రెటిక్యులోసైట్లు పెరిగి, పగిలిన కణాలు ఉండి, ప్లేట్‌లెట్లు తగ్గి, రోగి మాట తడబడుతుంటే మాత్రం ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా ప్లాస్మా మార్పిడి సౌకర్యమున్న ఆసుపత్రికి అదే రాత్రి పంపాలి.