రిజల్ట్ పేజీ ఫోన్‌లో ఎర్రర్ చూపిస్తే ఎగ్జామ్ సెల్‌కు లెటర్ ఎలా రాయాలి

హైదరాబాద్‌లో సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చిన రోజు మా కాలేజీ ఎగ్జామ్ బ్రాంచ్ కౌంటర్ దగ్గర నిలబడితే ఒకే మాట వినిపిస్తుంది: "సార్, నా రిజల్ట్ రావట్లేదు." వాళ్లలో చాలామంది రిజల్ట్ నిజానికి వచ్చేసి ఉంటుంది, ఫోన్‌లో మాత్రం కనబడదు. ఈలోగా ఎవరో నెట్ సెంటర్‌కి వెళ్లి డబ్బులిచ్చి చూపించుకుంటారు. ఇంకొకరు వాట్సాప్ గ్రూపులో వచ్చిన 'రిజల్ట్ యాప్' దించుకుంటారు. మిగిలినవాళ్లు ఎగ్జామ్ సెల్‌కు లెటర్ పెడతారు, దానికి జవాబు రాదు. ఆ లెటర్ ఎందుకు పక్కన పడుతుందో, పడకుండా ఎలా రాయాలో చెప్పడానికే ఇది.

ముందు ఏ ఎర్రరో చూసుకోండి, ఎందుకంటే అన్నిటికీ లెటర్ అక్కర్లేదు. తెర మీద `503 Service Unavailable` అని గానీ `504 Gateway Timeout` అని గానీ ఉంటే, ఒకేసారి అందరూ తెరవడంతో సర్వర్ ఆగిపోయిందని అర్థం. ల్యాబ్ కంప్యూటర్‌లోనూ అదే వస్తుంది. రాత్రి పొద్దుపోయాకో తెల్లవారుజామునో చూస్తే తెరుచుకుంటుంది. `Your connection is not private` అని వస్తే ఫోన్‌లో తేదీ, టైమ్ సరిగా ఉన్నాయో లేదో చూడండి. అవి సరిగానే ఉండి మళ్లీ వస్తే లెటర్ రాయాల్సిందే, కానీ అది ఎక్కువమందికి వచ్చేది కాదు. పేజీ తెరుచుకుని మార్కుల చోట విత్‌హెల్డ్ అని ఉంటే అది పేజీ తప్పు కానే కాదు. ఫీజు బకాయో, ఇంకేదైనా కారణమో తెలుసుకోవడానికి నేరుగా ఎగ్జామ్ బ్రాంచ్‌కే వెళ్లాలి.

మనం మాట్లాడుకోవాల్సింది నాలుగో రకం గురించి. పేజీ చక్కగా తెరుచుకుంటుంది. హాల్‌టికెట్ నంబరు కొడతారు. `Invalid Hall Ticket Number` అని వస్తుంది. నంబరు ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు, అంతా సరిగానే ఉంటుంది. పక్కవాడి ల్యాప్‌టాప్‌లో అదే నంబరు కొడితే మార్కులు కనబడతాయి. ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది: నా పేరు లిస్టులో లేదా, పేపర్ పోయిందా అని.

ఇలా జరగడానికి ఎక్కువసార్లు కారణం, నంబరు చివర కంటికి కనబడని ఒక ఖాళీ. ఫోన్ కీబోర్డులో రెండు మూడు అక్షరాలు కొట్టగానే పైన వరసలో సూచన కనిపిస్తుంది, దాన్ని నొక్కితే నంబరుతో పాటు చివర ఒక స్పేస్ కూడా చేరుతుంది. వాట్సాప్ మెసేజ్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేసినా ఇదే ముప్పు. కంప్యూటర్‌లో చేత్తో కొడతాం కాబట్టి ఆ ఖాళీ రాదు. మంచి పేజీ అయితే వెతికే ముందే ఆ ఖాళీని తీసేస్తుంది. ప్రోగ్రామ్ రాసేవాళ్లకు అది `trim()` అని ఒక్క మాట చేర్చే పని. చేర్చకపోతే, చివర ఖాళీ ఉన్న నంబరును పేజీ వేరే నంబరు అనుకుని లేదని చెప్తుంది. పెట్టె ఇన్ని అక్షరాలే పట్టేలా చేసి ఉంటే ఇంకో చిక్కు: పేస్ట్ చేసినదాంట్లో ఖాళీ మొదట ఉంటే నంబరు చివరి అంకె రాలిపోతుంది. ఇంజినీరింగ్ హాల్‌టికెట్లలో అక్షరాలు, అంకెలు కలిసే ఉంటాయి కాబట్టి ఒకటి తగ్గిన సంగతి వెంటనే కంటికి ఆనదు.

తేల్చుకోవడం తేలిక. నంబరు చివర వేలు పెట్టి కర్సర్ అక్కడ ఉంచండి. డిలీట్ ఒక్కసారి నొక్కండి. నంబరులో ఏ అక్షరమూ పోకుండా కర్సర్ మాత్రం కాస్త వెనక్కి జరిగితే అక్కడ ఖాళీ ఉన్నట్టే. ఇప్పుడు సబ్మిట్ నొక్కితే మార్కులు రావాలి. వస్తే మీ పని అయిపోయింది. అలాగని లెటర్ మానేయొద్దు, మీ వెనకాల ఉన్న జూనియర్‌కి ఇదే జరుగుతుంది. రాకపోతే చివరి ఖాళీ కాదు కారణం. అప్పుడు లెటర్ తప్పనిసరి.

ఇప్పుడు అసలు తడబడే చోటికి వద్దాం. మామూలుగా వచ్చే లెటర్ ఇలా ఉంటుంది: "నా ఫోన్‌లో రిజల్ట్ పేజీ పని చేయడం లేదు, దయచేసి సరిచేయగలరు." కింద హాల్‌టికెట్ నంబరు, ఒక స్క్రీన్‌షాట్. అవతల ఏం జరుగుతుందంటే, ఎగ్జామ్ సెల్‌లో కూర్చున్న మనిషి ఆ నంబరును తన కంప్యూటర్‌లో కొట్టి చూస్తారు. మార్కులు కనబడతాయి. రిజల్ట్ ఉంది అని రాసి ఫైలు మూసేస్తారు. ఆయన తప్పు లేదు, ఆయన చేతిలో ఉన్నది అంతే. పేజీని నడిపేది ఆయన కాదు. చాలాచోట్ల ఆ పని బయటి సాఫ్ట్‌వేర్ వాళ్లది, ఎగ్జామ్ సెల్ చేసేది మీ కాగితాన్ని వాళ్లకు పంపడమే. అంటే మీ లెటర్ మిమ్మల్ని చూడని మనిషి చేతికి వెళ్లి, ఆయన తన ఫోన్‌లో అదే ఎర్రర్ తెప్పించుకోగలిగేలా ఉండాలి. స్క్రీన్‌షాట్ ఒక్కటే పెడితే ఆ పని జరగదు, చివరి ఖాళీ స్క్రీన్‌షాట్‌లో కనబడదు కదా.

అందుకే లెటర్‌లో ఎర్రర్ కంటే, ఎర్రర్‌కు ముందు మీరేం చేశారన్నది ముఖ్యం. నంబరు చేత్తో కొట్టారా, సూచన నొక్కారా, పేస్ట్ చేశారా? ఏ ఫోన్, ఏ బ్రౌజర్? వైఫైలోనా, మొబైల్ డేటాలోనా? అదే నంబరు కంప్యూటర్‌లో ఎలా వచ్చింది? ఈ చివరి ప్రశ్నకు జవాబు రాస్తే మీ రిజల్ట్ లేదన్న అనుమానం అక్కడితో పోతుంది, తప్పు ఫోన్‌లో పేజీ నడిచే తీరులో ఉందని తేలుతుంది. స్క్రీన్‌షాట్ పెట్టేటప్పుడు పైన అడ్రస్ ఉన్న వరస, టైమ్ కనబడాలి, కత్తిరించకండి. నకిలీ రిజల్ట్ సైట్లు తిరుగుతున్నాయి కాబట్టి వాళ్లు మొదట చూసేది ఆ అడ్రసే.

ఒక మాదిరి కింద ఇస్తున్నాను. తెలుగులో రాసినా ఇంగ్లిష్‌లో రాసినా విషయం ఇదే క్రమంలో రావాలి. ఎర్రర్ మాటలను మాత్రం తెర మీద ఉన్నట్టే రాయండి, అనువదించకండి.

కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ గారికి,
ప్రిన్సిపాల్ గారి ద్వారా.

విషయం: సెమిస్టర్ రిజల్ట్ పేజీ మొబైల్ ఫోన్లలో ఎర్రర్ చూపించడం గురించి.

అయ్యా,

నేను మూడో సంవత్సరం, మొదటి సెమిస్టర్ విద్యార్థిని. నా హాల్‌టికెట్ నంబరు, బ్రాంచి కింద రాశాను. రిజల్ట్స్ విడుదలైన రోజు సాయంత్రం ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ ద్వారా రిజల్ట్ పేజీ తెరిచాను. పేజీ తెరుచుకుంది. హాల్‌టికెట్ నంబరు మొదటి అక్షరాలు కొట్టి, కీబోర్డు పైన వచ్చిన సూచన నొక్కాను. సబ్మిట్ చేయగా `Invalid Hall Ticket Number` అని వచ్చింది. వైఫైలోనూ, మొబైల్ డేటాలోనూ ఇలాగే వచ్చింది. నా స్నేహితురాలి ఫోన్‌లో ఆమె నంబరుతో ఇదే విధంగా చేసినా అదే వచ్చింది.

కాలేజీ ల్యాబ్ కంప్యూటర్‌లో అదే నంబరు చేత్తో కొట్టగా రిజల్ట్ కనిపించింది. ఫోన్‌లో నంబరు చివర ఉన్న ఖాళీని తొలగించగా ఫోన్‌లోనూ కనిపించింది. కాబట్టి నంబరు చివర ఖాళీ ఉన్నప్పుడు పేజీ దాన్ని అంగీకరించడం లేదని తెలుస్తోంది. ఈ వివరాన్ని వెబ్‌సైట్ నిర్వహించేవారికి పంపి సరిచేయించవలసిందిగా కోరుతున్నాను. ఈ కారణంగా రిజల్ట్ ఆలస్యంగా చూసిన విద్యార్థులకు రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ గడువు విషయంలో తగిన సూచన ఇవ్వవలసిందిగా మనవి.

జత: అడ్రస్, సమయం కనబడే స్క్రీన్‌షాట్ ఒకటి, హాల్‌టికెట్ నకలు.

ఇట్లు, పేరు, హాల్‌టికెట్ నంబరు, బ్రాంచి, ఫోన్ నంబరు, సంతకం, తేదీ.

ఇందులో చివరి కోరికను చాలామంది వదిలేస్తారు. రీవాల్యుయేషన్ గడువు రిజల్ట్ నోటిఫికేషన్‌లో వేసిన తేదీ ప్రకారం నడుస్తుంది, మీ ఫోన్‌లో ఎప్పుడు కనబడిందన్న దాన్ని బట్టి కాదు. లెటర్ పెట్టాం కదా, వాళ్లే చూసుకుంటారు అని కూర్చోకండి. గడువు పెంచుతారో లేదో వాళ్ల ఇష్టం. మీరు మాత్రం పెంచరనే లెక్కలోనే ఉండి, కాలేజీ ఎగ్జామ్ బ్రాంచ్‌లో మార్కులు చూపించుకుని ఫీజు సమయానికి కట్టేయండి. కాలేజీ వాళ్లకు తమ లాగిన్‌లో రిజల్ట్స్ కనబడే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది. అడిగితే చూపిస్తారు, దానికి డబ్బులేమీ తీసుకోరు.

అందజేయడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. అనుబంధ కాలేజీ విద్యార్థులైతే ప్రిన్సిపాల్ సంతకం, సీలు వేయించుకుని కాలేజీ ద్వారానే పంపించండి. నేరుగా యూనివర్సిటీకి వెళ్తే కాలేజీ నుంచి రమ్మని తిప్పి పంపే అవకాశమే ఎక్కువ. అటానమస్ కాలేజీ అయితే ఎగ్జామ్ సెల్ మీ క్యాంపస్‌లోనే ఉంటుంది. ఎక్కడ ఇచ్చినా రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ వేయించుకోండి. ఎవరి టేబుల్ మీదో పెట్టి వచ్చిన కాగితం గురించి తర్వాత అడిగితే ఎవరికీ గుర్తుండదు. మెయిల్ పంపితే విషయం వరసలో హాల్‌టికెట్ నంబరు రాసి, స్క్రీన్‌షాట్‌ను మెయిల్ లోపల అతికించకుండా జతగా పెట్టండి.

మధ్యలో వచ్చేవాళ్ల సంగతి. ఈ లెటర్‌కు ఫీజు లేదు. "లోపల మనవాళ్లున్నారు, రిజల్ట్ తెరిపిస్తాం" అనేవాళ్లు చేసేదల్లా తమ కంప్యూటర్‌లో మీ నంబరు కొట్టడమే. హాల్‌టికెట్ నంబరు అడిగితే పెద్ద ప్రమాదం లేకపోవచ్చు, ఓటీపీ అడిగినా, `.apk` ఫైలు పంపి ఇన్‌స్టాల్ చేసుకోమన్నా అక్కడే ఆగండి. రిజల్ట్ చూడటానికి ఓటీపీ చెప్పాల్సిన పని ఏ ఎగ్జామ్ సెల్ పెట్టదు. ఒకవేళ డబ్బులు ఇప్పటికే పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్.

లెటర్ ఇచ్చాక వారం చూసి జవాబు లేకపోతే కొత్త లెటర్ రాయకండి. పాత ఇన్‌వార్డ్ నంబరు, తేదీ చెప్పి అది ఎవరి దగ్గరుందో అడగండి. కొత్తది పెడితే అది మళ్లీ మొదటి టేబుల్ నుంచే బయలుదేరుతుంది.