లాభం లెక్క కుదరడం లేదా? ముందు క్రెడిట్ కార్డు బిల్లు చూడండి

సమస్య: పనికి వేరే బ్యాంకు ఖాతా తెరిచారు, ఫీజులన్నీ అందులోకే వస్తున్నాయి. అయినా నెలాఖరు పట్టికలో లాభం మరీ తక్కువగా కనిపిస్తోంది.

ముందుగా మీ పుస్తకంలోని నిల్వను, బ్యాంకు స్టేట్‌మెంట్‌లోని నిల్వతో పోల్చండి. రెండు నిమిషాల పని. దీన్ని వదిలేసి సాఫ్ట్‌వేర్‌ను తిట్టేవాళ్లే ఎక్కువ. రెండూ కలవకపోతే, ఖాతాలు విడిపోయినా కార్డు ఒక్కటే ఉందేమో చూడండి. నేను చూసిన లెక్కల్లో ఎక్కువసార్లు దొంగ దొరికింది అక్కడే.

ఒక వెబ్ డిజైనర్ లెక్క తీసుకుందాం. నెల మొదట్లో నిల్వ 20,000, వచ్చిన ఫీజులు 90,000. డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు 4,000, హోస్టింగ్‌కు 2,000 కార్డుతో కట్టి, బిల్లులు రాగానే ఖర్చు రాశారు. అదే కార్డు మీద ఇంటి సరుకులు, పిల్లల బట్టలు 24,000. తర్వాత కార్డు బిల్లు 30,000 పని ఖాతా నుంచి కట్టి, ఆ మొత్తాన్నీ మళ్లీ ఖర్చు కింద వేశారు. పుస్తకం ప్రకారం ఖర్చు 36,000, లాభం 54,000, నిల్వ 74,000. బ్యాంకులో మాత్రం 80,000 ఉంది. తేడా 6,000 అంటే రెండుసార్లు రాసిన ఆ రెండు బిల్లులే. అసలు ఖర్చు 6,000, అసలు లాభం 84,000.

గమనించండి, నిల్వల తేడా పట్టిచ్చింది 6,000నే. ఇంటి 24,000 బ్యాంకు నుంచి నిజంగానే పోయింది కాబట్టి నిల్వ దాన్ని బయటపెట్టదు. కార్డు స్టేట్‌మెంట్‌ను వరుసగా చదివితేనే అది దొరుకుతుంది.

పరిష్కారం: కార్డు బిల్లు కట్టడం ఖర్చు కాదు, అప్పు తీర్చడం. ఆ 30,000లో 6,000ను కార్డు బాకీ తీర్చినట్టు, 24,000ను సొంత వాడకం కింద రాయండి. సొంత వాడకం లాభాన్ని తగ్గించదు. వచ్చే నెల నుంచి పనికి వేరే కార్డు పెట్టుకోండి. ఇంటి కార్డు బిల్లు ఇంటి ఖాతా నుంచే కట్టండి, ఆ ఖాతాకు నెలకోసారి డబ్బు బదిలీ చేస్తే సరిపోతుంది. ఆ బదిలీ కూడా సొంత వాడకమే.

ఫీజుల్లో సగాన్ని లాభంగా చూపే అంచనా పద్ధతిలో పన్ను కట్టేవారికి ఈ తప్పు వల్ల పన్ను మారదు. నిజంగా ఎంత మిగులుతోందో మాత్రం తెలియదు.

ఆదాయమే తక్కువగా ఉంటే టీడీఎస్ చూడండి. 50,000 బిల్లుకు 10 శాతం కోసి 45,000 వేస్తే, ఆదాయం 50,000 అనే రాయాలి. 5,000 ముందే కట్టిన పన్ను. బ్యాంకు చార్జీలు, పోయిన రశీదులు ఇంత తేడా తేవు, వాటిని చివర్లో చూసుకోవచ్చు.

తప్పు దొరికాక ఆ ఒక్క నెలతో ఆగకండి. ఏప్రిల్ 1 నుంచి ప్రతి కార్డు బిల్లునూ ఇలాగే విడదీయండి.