అట్టపెట్టె మీద లోగో అచ్చుకు వెళ్లే ముందు

అచ్చు వేసే ప్లేటు తయారయ్యాక లోగోలో తప్పు కనిపిస్తే ఇక ఆ ప్లేటు పక్కన పడేసి కొత్తది చేయించాల్సిందే. అందుకే ఫైలు ప్రెస్‌కు పంపేముందు ఒక పూట ఈ పరీక్షకే పెట్టుకోండి. ముందుగా లోగోలో అన్నిటికంటే సన్నగా ఉన్న చోటు ఎక్కడుందో వెతకండి. అది గీత కావచ్చు, రెండు ఆకారాల మధ్య సందు కావచ్చు, అక్షరం లోపలి రంధ్రం కావచ్చు. లోగోను ఎంతవరకు చిన్నది చేయొచ్చో చెప్పేది ఆ చోటే.

ఒక లోగో తీసుకుని చూద్దాం. ఆకుపచ్చ ఆకు, దాని మీద ఎర్రటి పువ్వు, ఆకులో తెల్లటి ఈనెలు, కింద పేరు. 60 మిల్లీమీటర్ల వెడల్పులో గీశారు, ఈనె మందం 0.6 మిల్లీమీటర్లు. స్క్రీన్ మీద చాలా బాగుంటుంది.

ఇప్పుడు పెట్టె సంగతి. ముడతల అట్టపెట్టెల మీద ఎక్కువగా ఫ్లెక్సో పద్ధతిలో అచ్చు వేస్తారు. ప్లేటు రబ్బరులా మెత్తగా ఉంటుంది. అట్టకు నొక్కినప్పుడు ఇంకు అంచు దాటి కొంచెం పాకుతుంది. రంగు గీతలు లావెక్కుతాయి, రంగు మధ్య ఖాళీగా వదిలిన గీతలు పూడిపోతాయి. మన లోగోలో ఈనెలు ఈ రెండో రకం, కాబట్టి అసలు భయం వాటికే. అట్టను బట్టి, మెషీన్‌ను బట్టి హద్దు మారుతుంది. ప్రెస్ వాళ్లను 'మీ అట్ట మీద ఖాళీ గీత కనీసం ఎంత మందం ఉండాలి?' అని సూటిగా అడగండి. 0.5 మిల్లీమీటర్లు అన్నారనుకుందాం. 60 మిల్లీమీటర్ల లోగోలో ఈనె 0.6 ఉంది కాబట్టి, అది 0.5 దగ్గర ఆగాలంటే లోగో వెడల్పు 50 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పెట్టె పక్క ముఖం మీద 20 మిల్లీమీటర్ల లోగో వేయాలంటే ఈనె 0.2కి పడిపోతుంది, ఆకు మొత్తం ఒకే ముద్దగా అచ్చవుతుంది. అంత చిన్న సైజుకు ఈనెలు తీసేసిన ఇంకో రూపం గీయించుకోవడమే దారి. ఉన్నదాన్నే కుదించి సరిపెట్టుకోవద్దు.

ఒకే రంగులో వేస్తే ఇంకో చిక్కు వస్తుంది. #FF0000 ఎరుపునూ #008000 ఆకుపచ్చనూ మామూలు లెక్క ప్రకారం గ్రేలోకి మారిస్తే 0 నుంచి 255 వరకు ఉండే కొలతలో 76, 75 వస్తాయి. అంటే పువ్వూ ఆకూ కలిసిపోయి ఒకే మచ్చ అవుతాయి. రంగుల్లో అంత తేడా ఉంటే ఇలా అవుతుందని చాలామంది ఊహించరు, నేనూ మొదట్లో ఊహించలేదు. ఒక రంగును లేతగా వేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ లేత రంగు అంటే ప్లేటు మీద చిన్న చుక్కలు. గరుకు అట్ట మీద అవి మరకల్లా కనబడతాయి. ఒకే రంగు రూపంలో ప్రతి చోటా ఇంకు పూర్తిగా ఉండాలి, లేదా అసలు ఉండకూడదు. పువ్వు చుట్టూ ఖాళీ గీత వదిలితే రెండూ విడివిడిగా కనిపిస్తాయి. ఆ గీతకూ పైన అనుకున్న కనీస మందమే వర్తిస్తుంది.

గోధుమరంగు అట్ట మీద తెలుపు అంటే అట్ట రంగే. తెల్ల ఇంకు విడిగా వేయిస్తే తప్ప ఈనెలు గోధుమరంగులోనే ఉంటాయి. ముదురు ఇంకుతో వేసి చూపించమనండి.

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. అసలు సైజులో లేజర్ ప్రింట్ తీసి, దాన్ని జిరాక్స్ చేసి, ఆ జిరాక్స్‌ను మళ్లీ జిరాక్స్ చేయండి. అక్కడే సందులు పూడితే అట్ట మీద బతకవు. అయితే ఇక్కడ పాసయిందని ధీమాగా ఉండకండి, లేజర్ అచ్చు ఫ్లెక్సో కంటే పదునుగా ఉంటుంది. అసలు అట్ట ముక్క మీద నమూనా చూశాకే ఒప్పుకోండి.

బ్రౌజర్ ట్యాబ్‌లో కనిపించే ఫేవికాన్‌కూ ఇదే లెక్క. 60 మిల్లీమీటర్ల లోగోను 16 పిక్సెళ్లకు కుదిస్తే ఈనె వంతు 0.16 పిక్సెల్. పిక్సెల్‌ను ముక్కలు చేయలేం కాబట్టి ఈనె రంగు ఆకు రంగులో కలిసి ఆకు కొంచెం వెలిసినట్టు అవుతుంది. పేరు అయితే అసలు చదవలేం. పువ్వొక్కటే తీసుకుని 16 × 16 గళ్ల మీద కొత్తగా గీయండి, సందులు ఒక పూర్తి పిక్సెల్ కంటే తక్కువ ఉండకూడదు. జూమ్ చేసి చూడవద్దు, 100 శాతంలో, లేత ట్యాబ్ మీదా నల్లటి ట్యాబ్ మీదా చూడండి.

చివరగా ఫైలు. వెక్టర్ పీడీఎఫ్ ఇవ్వండి, అక్షరాలను అవుట్‌లైన్లుగా మార్చండి. నాలుగు రంగులు కలిపిన నలుపు ఉంటే తీసేసి ఒక్క నలుపే ఉంచండి. ఓవర్‌ప్రింట్ అంటే కింది రంగును ఖాళీ చేయకుండా దాని మీదే అచ్చు వేయమనే సెట్టింగ్, తెల్లటి ఆకారాలకు అది ఆన్‌లో ఉందేమో తప్పకుండా చూడండి. అది ఆన్‌లో ఉంటే స్క్రీన్ మీద తెల్లగా కనిపించిన ఈనెలు అచ్చులో మాయమవుతాయి. అక్రోబాట్‌లో ఓవర్‌ప్రింట్ ప్రివ్యూ పెట్టి చూస్తే ఆ తప్పు ప్లేటు చేయకముందే బయటపడుతుంది.