మాజీ భాగస్వామికి పుట్టినరోజు శుభాకాంక్షలు పంపే ముందు జాగ్రత్తలు

ఇకపై సంప్రదించవద్దని వారు ఒక్కసారైనా చెప్పి ఉంటే ఈ సందేశం రాయనే కూడదు.

అలాంటిదేమీ లేకపోతే, అర్ధరాత్రి అందరికంటే ముందు చెప్పాలన్న తొందర పాత చనువును గుర్తుచేస్తుంది కనుక, పగటిపూట పంపండి.

"పుట్టినరోజు శుభాకాంక్షలు. ఈ ఏడాది ఆరోగ్యంగా, సంతోషంగా సాగాలని కోరుకుంటున్నాను." ఈ రెండు వాక్యాలు చాలు. వీటికి "ఎలా సాగుతోంది జీవితం?" అని చేర్చగానే శుభాకాంక్ష కాస్తా జవాబు కోరే ఉత్తరమవుతుంది, "గుర్తుందా", ముద్దుపేరు, పాత ఫొటో, గుండె ఎమోజీ ఇంకా ప్రమాదం.

ఒకప్పుడు "నువ్వు" అన్నవారిని హఠాత్తుగా "మీరు" అంటే ఎత్తిపొడుపులా వినిపించవచ్చు కాబట్టి, పై వాక్యాల్లో మాదిరిగా ఆ రెండూ లేకుండా రాయడమే మేలు.

జవాబు రాకపోతే మళ్లీ రాయకండి. "థాంక్స్" అని వస్తే సంభాషణ అక్కడే ఆపండి.